మెడకు తగ్గ కాలరు

మీ ఇంట్లో గోడకున్న ఫొటోల్లో స్టూడియోవాళ్లు బట్టలు మార్చినది ఒకటైనా ఉండే ఉంటుంది. ఒకసారి లేచి వెళ్లి దాని ముందు నిలబడండి. ముఖాన్ని కాసేపు వదిలేసి, గడ్డానికీ మొదటి గుండీకీ మధ్యనున్న చోటు చూడండి. అక్కడ కాలరు మెడచుట్టూ తిరిగి వెనక్కి వెళ్లిందా, లేక మెడ మీద అంటించినట్టుందా? కాలరు లోపలి అంచున మెడమీద సన్నటి నీడ పడిందా? ఈ రెండూ కుదిరితే మిగతా అంగి కొంచెం అటూ ఇటూ అయినా చూసేవాళ్లు పట్టించుకోరు. ఇవి కుదరకపోతే అంగి ఎంత ఖరీదైనదైనా, తల ఒకరిది, ఒళ్లు ఒకరిది అన్నట్టే ఉంటుంది. ఈ పూట కబుర్లన్నీ ఆ బెత్తెడు చోటు గురించే.

పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కంప్యూటర్లు రాకముందు చిన్న ఊళ్ల స్టూడియోల్లో గోడకు ఒక అద్దం, అద్దం కింద దువ్వెన, పౌడరు డబ్బా, పక్కన మేకుకు ఒక కోటూ టై ఉండేవి. ఎవరొచ్చినా అదే కోటు. బక్కవాళ్లకు వెనకవైపు పిన్నులు పెట్టి బిగించేవాళ్లు, లావువాళ్లకు గుండీలు పెట్టకుండా వదిలేసేవాళ్లు. కొలతలు సరిపోకపోయినా ఆ ఫొటోలు ఇవాళ్టికీ నమ్మకంగా కనిపిస్తాయి. ఎందుకంటే ఆ కోటు ఆ మెడ మీదే, ఆ వెలుగులోనే ఉంది. ఇప్పుడు కోటు కంప్యూటర్లోకి వెళ్లింది. కొలత సరిచేయడం తేలికైంది గానీ, ఆ వెలుగునూ ఆ మెడనూ మనమే తెచ్చిపెట్టాల్సి వస్తోంది.

బీచుపల్లి మీకు తెలిసే ఉంటుంది. హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద, పెబ్బేరు దాటాక కృష్ణ వంతెన వస్తుంది. అవతలి ఒడ్డున ఆంజనేయస్వామి గుడి, ఘాట్లు. అక్కణ్నుంచి కాస్త ముందుకెళ్తే ఎర్రవల్లి చౌరస్తా, గద్వాలకు తిరిగే దారి. నదికి ఇటు వనపర్తి, అటు గద్వాల. రెండు వైపుల జనమూ ఇక్కడికి మొక్కులకొస్తారు, స్నానాలకొస్తారు, పోయినవాళ్ల అస్థికలు కలపడానికీ పిండాలు పెట్టడానికీ వస్తారు. అందుకని ఈ చుట్టుపక్కల స్టూడియోల్లో పనిచేసే మాలాంటివాళ్లకు పెళ్లి ఆల్బముల తర్వాత ఎక్కువగా వచ్చే పని దినాలకు ఫ్రేము ఫొటో చేయడం. మనిషి ఉన్నన్నాళ్లూ ఎవరూ కూర్చోబెట్టి ఫొటో తీయరు. పోయాక ఫోన్లన్నీ వెతుకుతారు. దొరికేది ఏ పొలం దగ్గరో, ఏ జాతరలోనో తీసింది. అందులో ముఖం బాగుంటుంది, బట్టలు బాగుండవు.

అలా వచ్చిన ఒక ఫొటో గురించి చెబుతాను. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలప్పుడు బీచుపల్లి ఘాటు మెట్ల మీద తీసింది. అరవై దాటిన రైతు, తెల్లని మీసాలు, ముఖంలో మంచి కళ. ఒంటి మీద మాత్రం మెరూన్ రంగు గుండ్రమెడ టీషర్టు. ఫొటో తెచ్చిన పెద్దమ్మ ఒకటే మాట అన్నది: "సారూ, ఆయన ఎన్నడూ ఇట్లాంటిది ఏసుకొని ఎరగడు. స్నానం చేసి వస్తే చిన్నోడు బలవంతంగా తొడిగిండు. తెల్లంగి లేకుంటే ఆయన ఆయన లెక్కనే ఉండడు." ఆమె అడిగింది సోకు కాదు. పదిమందిలోకి వెళ్లేటప్పుడు ఆ మనిషి ఎలా ఉండేవాడో, గోడ మీద కూడా అలాగే ఉండాలని అడిగింది. ఈ పని ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయాలని నేను అనేది అందుకే.

స్టూడియోల్లో కత్తిరించి సిద్ధంగా పెట్టుకున్న అంగీల ఫైళ్లు వందల కొద్దీ ఉంటాయి. ఒకటి లాగి తల కింద పెట్టి, సాగదీసి, ప్రింటు కొట్టి ఇచ్చేయడం ఐదు నిమిషాల పని. ఆ అంగీలు చాలావరకు బొమ్మకు తొడిగి తీసినవి. అందుకే వాటి భుజాలు రెండూ సమానంగా ఉంటాయి, ఛాతీ బిర్రుగా ఉంటుంది. వెలుగు రెండు వైపుల నుంచీ ఒకేలా పడుతుంది. అరవై ఏళ్ల రైతు భుజాలు అలా ఉండవు. ఈయన ఎడమ భుజం కుడిదానికన్నా కిందికి ఉంది, మెడ కొంచెం ముందుకు వంగి ఉంది. బొమ్మ అంగి ఆయన మీద పెడితే ముఖానికి అరవై ఏళ్లు, ఒంటికి పాతికేళ్లు కనిపిస్తాయి.

కాబట్టి ఇలాంటి పని వచ్చినప్పుడు నేను ముందడిగేది ఆయన అంగి ఇంట్లో ఉందా అని. దాదాపు ఉంటుంది, పెట్టెలో మడతపెట్టి ఉంటుంది. రెండోది, ఇంట్లో ఆయన ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లు ఎవరు అని. ఈయనకు తమ్ముడున్నాడు. అన్న అంగినే తమ్ముడికి తొడిగి ఫొటో తీసి, ఆ అంగిని అన్న ఫొటోలోకి తేవాలి. కుట్టిన దర్జీ ఒకరే, వేసుకున్న ఒళ్లూ ఒక ఇంటిదే కాబట్టి సగం పని అక్కడే అయిపోతుంది.

ఫొటో తీసే ముందు అంగిని టేపుతో కొలవాలి. ఇది చాలామంది చేయరు గానీ, కంటి అంచనాతో కాలరు సైజు పెట్టేకన్నా ఇది ఎంతో నయం. పెద్దవాళ్ల తల, గడ్డం కొస నుంచి నడినెత్తి దాకా, సుమారు ఇరవై రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. ఈ ఫొటోలో ఆ ఎత్తు 900 పిక్సెళ్లు వచ్చింది. అంటే సెంటీమీటరుకు 40 పిక్సెళ్లు. ఇక లెక్క తేలికే. కాలరు కొస పొడవు 7 సెంటీమీటర్లు, కనక ఫొటోలో 280 పిక్సెళ్లు ఉండాలి. భుజం కుట్టు నుంచి భుజం కుట్టుకు 46 సెంటీమీటర్లు, అంటే 1840. జేబు వెడల్పు 12, అంటే 480. మనిషి కొంచెం పక్కకు తిరిగి ఉంటే భుజాల లెక్క తగ్గుతుంది, కాలరు కొస లెక్క పెద్దగా మారదు. అందుకే నేను Ctrl+T నొక్కి అంగిని చిన్నది చేసేటప్పుడు భుజాలను కాకుండా కాలరు కొసను కొలతగా పట్టుకుంటాను. భుజాలను ఆ తర్వాత సర్దుకోవచ్చు. కాలరు పెద్దదైతే మనిషి చిక్కిపోయినట్టు, చిన్నదైతే మెడ ఉబ్బినట్టు కనిపిస్తుంది. ఏది తప్పో చెప్పలేకపోయినా ఇంట్లోవాళ్లు "ఎందుకో ఆయనలాగ లేడు" అంటారు.

తమ్ముడిని నిలబెట్టే చోటు కూడా అన్న ఫొటోయే చెబుతుంది. ముక్కు నీడ ఏ చెంప మీద పడింది, కంటిపాపలో మెరుపు ఏ పక్కనుంది అని చూడండి. ఈయనకు వెలుగు కుడి చేతివైపు నుంచి వస్తోంది. ఆగస్టు మబ్బు కాబట్టి నీడలు మెత్తగా ఉన్నాయి. అందుకని తమ్ముడిని లైట్ల కింద కాకుండా బయట, మబ్బు వెలుగులో, కుడివైపు ఆకాశం తెరిపిగా ఉన్నచోట నిలబెట్టాలి. కెమెరా కూడా మొదటి ఫొటో తీసిన ఎత్తులోనే ఉండాలి. పొట్టివాళ్లెవరో కింద నుంచి తీసిన ముఖానికి పైనుంచి తీసిన అంగి పెడితే కాలరు లోపలి భాగం కనిపించకూడనంత కనిపిస్తుంది. దాన్ని తర్వాత ఏ పరికరంతోనూ దిద్దలేం. ఎడమ భుజం కాస్త దించమని, మెడ ముందుకు పెట్టమని తమ్ముడికి చెప్పాలి. ఆయన దించగానే అంగి ముడతలు వాటంతటవే సర్దుకుంటాయి.

ఇప్పుడు అసలు పని, మెడ. పాత ఫొటోలో తలను కత్తిరించి తీయకండి. చాలామంది తలను తీసి అంగి మీద పెడతారు, దాంతో జుట్టు అంచులు పాడవుతాయి. తల ఉన్నచోటనే ఉండనిచ్చి, అంగినే తల దగ్గరికి తేవాలి. కుండను కుదురు మీద పెట్టడం చూశారుగా, కుదురు సగం కుండ ముందు కనిపిస్తుంది, సగం వెనక్కి వెళ్తుంది. కాలరూ అంతే. అందుకని అంగిని రెండు ముక్కలుగా చేసుకోవాలి. మెడ వెనక కనిపించే కాలరు లోపలి పట్టీ ఒక ముక్క, ముందువైపు కాలరు రెక్కలతో కలిసిన మిగతా అంగి ఇంకో ముక్క. అన్నిటికన్నా కింద పాత ఫొటో. దాని మీద వెనక పట్టీ. దాని మీద, పాత ఫొటో నుంచి తీసుకున్న మెడ ముక్క. అన్నిటికీ పైన ముందు అంగి. మెడ రెండిటి మధ్యలోకి వెళ్లింది కాబట్టి కాలరు చుట్టూ తిరిగినట్టవుతుంది. అంగి అంచులను Pen Tool తో గీసి, అర పిక్సెలు నుంచి ఒక పిక్సెలు దాకా మాత్రమే మెత్తబరచాలి. అంతకు మించితే కాలరు అంచు పొగలా కనిపిస్తుంది. మెడకూ కాలరుకూ మధ్య వేలు దూరేంత సందు వదలండి. ఆ వయసు పల్లెటూరి మనిషి కాలరు మెడను బిగించి ఉండదు.

ఇంకొక చిక్కుంది. గుండ్రమెడ టీషర్టు గొంతు గుంట దాకా మూసి ఉంటుంది. ఆయనకేమో పైగుండీ పెట్టుకునే అలవాటు లేదు. పైగుండీ తెరిస్తే అక్కడ కనిపించాల్సిన చర్మం పాత ఫొటోలో లేనేలేదు. పైగుండీ పెట్టేస్తే పని తేలికవుతుంది, కానీ ఆయన రూపం మారిపోతుంది. నేనైతే తమ్ముడి ఫొటో నుంచి ఆ మూడు మూలల చర్మాన్ని కూడా తెచ్చుకుంటాను. అతుకు ఎక్కడ వేయాలన్నదే అసలు సంగతి. ఆ వయసులో మెడకు అడ్డంగా గీతలుంటాయి. అన్నిటికన్నా కింద ఉన్న గీత వెంబడి అతికితే అతుకు ఆ గీతలో కలిసిపోతుంది. నున్నటి చోట అతికితే ఎంత మెత్తబరిచినా రంగు తేడా పట్టిస్తుంది. తెచ్చిన చర్మం రంగును Curves తో పై మెడకు సరిపెట్టాలి. ముందు వెలుగు, తర్వాత ఎరుపు. మెడ గీతలను మాత్రం చెరపకండి. గోడ మీద ఆయన్ను చూసే మనవడికి తాత మెడ అలాగే తెలుసు.

మెరూన్ టీషర్టు ఇంకో గుర్తు వదిలిపోతుంది. రంగు బట్ట మీద పడ్డ వెలుగు పైకి ఎగిరి, దవడ కిందా గడ్డం కిందా ఆ రంగు పూస్తుంది. టీషర్టు తీసేసినా ఆ ఎరుపు దవడ కింద మిగిలే ఉంటుంది. తెల్లంగి మీద ఎర్రటి గడ్డం కనిపిస్తే, కారణం తెలియని మనిషికి కూడా ఏదో అతికినట్టు అనిపిస్తుంది. దీనికి కొత్త లేయరు వేసి, దాన్ని Color పద్ధతిలో పెట్టి, చెంప నీడవైపు రంగు తీసుకుని, ఇరవై, ముప్పై శాతం బలంతో దవడ కింద మెల్లగా పూయాలి. వెలుగు మారదు, రంగే మారుతుంది. తర్వాత తెల్లంగి చేసే పనిని కూడా మనమే చేయాలి. తెలుపు వెలుగును ఎక్కువగా పైకి పంపుతుంది కాబట్టి గడ్డం కింది చీకటి కాస్త పలచబడాలి. Curves ను కొంచెం పైకెత్తి, మాస్కుతో ఆ చోటికే పరిమితం చేస్తే చాలు.

దీనికి ఎదురు పని కాలరు నీడ. కాలరు మెడకు తాకే చోట సన్నటి నీడ ఉండాలి. తాకిన గీత దగ్గర ముదురుగా మొదలై, ఈ ఫొటో కొలతలో పది, పదిహేను పిక్సెళ్లలో కరిగిపోవాలి. Multiply లేయరు మీద మెత్తటి బ్రష్షుతో, పది పదిహేను శాతం బలంతో, ఒకటికి రెండుసార్లు గీయండి. నల్లరంగు వాడకండి. చర్మం మీద నల్లనీడ మసిలా ఉంటుంది. మెడలోనే ఉన్న ముదురు గోధుమ రంగును తీసుకోండి. వెలుగు కుడి నుంచి వస్తోంది కాబట్టి ఏ పక్క నీడ ఎంత వెడల్పు ఉండాలో తమ్ముడి ఫొటో పక్కన పెట్టుకుని చూడండి. ఊహించి గీయకండి.

ముడతల సంగతికొద్దాం. ముడత ఎక్కడో ఒకచోట పుడుతుంది. బట్ట లాగబడే చోటో, కుప్పగా చేరే చోటో దానికి పుట్టుక. చంక నుంచి ఛాతీ వైపు ఏటవాలుగా వచ్చేవి చేయి కదలిక వల్ల, గుండీ చుట్టూ చిన్న కిరణాల్లా వచ్చేవి బిగుతు వల్ల. దిగిన భుజం వైపు బట్ట మిగిలిపోయి వదులు ముడతలు పడతాయి, లేచిన భుజం వైపు బట్ట సాగి నున్నగా ఉంటుంది. అందుకే రెడీమేడ్ అంగిని మొత్తంగా తిప్పి భుజం దించితే నప్పదు. భుజంతో పాటు గుండీల పట్టీ కూడా పక్కకు ఒరుగుతుంది, ముడతలు మాత్రం సమాన భుజాలవే ఉంటాయి. కొంచెం సర్దవలసి వస్తే Puppet Warp లో కాలరు నడుమ ఒక పిన్ను, గుండీల పట్టీ వెంట రెండు మూడు పిన్నులు గుచ్చి ఆ భాగాన్ని కదలకుండా చేసి, భుజం దగ్గర గుచ్చిన పిన్నును మాత్రమే దించాలి. అలా కొద్దిగా జరపొచ్చు, అంతే. ఎక్కువ జరిపితే ముడతలు రబ్బరులా సాగి, జేబు మూలలు వంకర పోతాయి. జేబు గీతలు తిన్నగా ఉన్నాయో లేదో చూస్తే ఎంత జరిపారో తెలిసిపోతుంది.

వెలుగు ఎదురు పక్క నుంచి ఉన్న అంగి దొరికినప్పుడు కొందరు దాన్ని అడ్డంగా తిరగేస్తారు. ఆ పని చేయకండి. మగవాళ్ల అంగికి ఎడమ పక్క పట్టీ పైకి వస్తుంది, జేబు ఎడమ ఛాతీ మీద ఉంటుంది. తిరగేస్తే జేబు కుడికి పోతుంది, పట్టీ ఆడవాళ్ల చొక్కాలా మారుతుంది. ఎవరు పట్టుకుంటారులే అనుకోవద్దు. అమెరికాలో అబ్రహాం లింకన్ నిలువెత్తు బొమ్మ ఒకటి చాలాకాలం ఇళ్లలో వేలాడింది. అందులో ఒళ్లు లింకన్‌ది కాదు. బానిసత్వాన్ని గట్టిగా సమర్థించిన జాన్ కాల్హౌన్ అనే నాయకుడి 1852 నాటి చెక్కడపు బొమ్మ మీద లింకన్ తల పెట్టారు. బల్ల మీది కాగితాల్లో ఉన్న మాటలు కూడా లింకన్‌కు తగ్గట్టు మార్చేశారు. అంత జాగ్రత్తపడ్డవాళ్లు తలను మాత్రం తిరగేసి పెట్టారు. లింకన్ ఫొటోల మీద పరిశోధించిన స్టీఫన్ లోరాంట్ చివరికి దాన్ని పట్టుకున్నది దేనితోననుకున్నారు? లింకన్ చెంప మీది పుట్టుమచ్చ రెండో పక్కన ఉంది. ఫోర్జరీ బయటపడేది ఎప్పుడూ ఇలాంటి చోటే. మనిషి జేబు ఏ పక్కనుంటుందో, పెన్ను ఏ పక్కన పెట్టుకునేవాడో ఇంట్లోవాళ్ల కంటికి తెలుసు.

ఇక బట్ట నేత. అంగి గుడ్డ దగ్గర్నుంచి చూస్తే దారాలు కనిపిస్తాయి, ఫొటోలో కూడా కనిపించాలి కదా అని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూడండి. మామూలు పాప్లిన్ గుడ్డలో అంగుళానికి వంద దారాలు, అంతకు పైనే ఉంటాయి. అంటే సెంటీమీటరుకు నలభై. మన ఫొటోలో సెంటీమీటరుకు పిక్సెళ్లూ నలభయ్యే. దారానికి ఒక్క పిక్సెలు వస్తే దారం కనిపించదు, కనిపించకూడదు కూడా. ఆ ఫొటోలో నేత గళ్లు స్పష్టంగా కనిపించాయంటే అది పాప్లిన్ కాదు గోనెగుడ్డ అన్నమాట, లేదా పైనుంచి ఏదో నేత బొమ్మ పరిచారన్నమాట. పైగా కొత్త కెమెరాతో దగ్గర్నుంచి తీసిన అంగిని ఇక్కడికి కుదించేటప్పుడు దారాలూ పిక్సెళ్లూ ఒకదాని మీద ఒకటి పడి, లేని అలలు పుడతాయి. సన్నచారల అంగి అయితే అలలు మరీ కొట్టొచ్చినట్టుంటాయి. కుదించకముందే అంగి మీద ఒక పిక్సెలు Gaussian Blur వేస్తే అలలు చాలావరకు రావు.

అంగి పదును ముఖం పదునును మించకూడదు. ముఖం ఫోనుది, 2016 నాటిది, కాస్త మెత్తగా, చీకటి చోట్ల గింజగింజగా ఉంది. అంగి కొత్త కెమెరాది, గాజులా శుభ్రంగా ఉంది. తెరను రెండింతలు పెద్దది చేసి కనురెప్పల వెంట్రుకలనూ కాలరు కుట్టునూ పక్కపక్కన చూడండి. కుట్టు వెంట్రుకకన్నా పదునుగా ఉంటే అంగిని అర పిక్సెలు మెత్తబరచండి. తర్వాత Add Noise లో Gaussian, Monochromatic పెట్టి ఒకటి, రెండు శాతం గింజ వేస్తే అంగి కూడా ఆ ఫోనుతోనే తీసినట్టు అవుతుంది. ఈ చివరి పని నిమిషంలో అయిపోతుంది గానీ, అతుకుల పనిని ఒక ఫొటోగా కలిపేది అదే.

బట్ట ఏదైనా వెలుగును పట్టే తీరు దాని గుణం. గద్వాల చీర చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఒళ్లు నూలు, అంచు పట్టు, ఒకే చీరలో ఒకే వెలుగు కింద నూలు మట్టుగా ఉంటే పట్టు మెరుస్తుంది. నూలంగికి మెరుపు గీతలు ఉండవు. వెలుగు నుంచి నీడకు నిదానంగా దిగుతుంది. టెరికాటన్ అంగికి ముడత వీపున సన్నటి మెరుపుంటుంది. ఆయన జీవితమంతా నూలంగి తొడిగితే ఫొటోలో టెరికాటన్ మెరుపు రాకూడదు. తెలుపు విషయంలో ఇంకో మాట. తెలుపంటే 255 కాదు. అంతకు పోతే ప్రింటులో ఆ చోట ఉత్త కాగితమే మిగులుతుంది, ముడతలు మాయమవుతాయి. వెలుగు పడ్డ చోట 235, 240 దగ్గర ఆపండి. ఆ ఫొటోలో తెలుపు ఏ రంగులో ఉండాలో తెలుసుకోవడానికి వేరే ఎక్కడికీ పోనక్కర్లేదు. ఆయన మీసాలున్నాయి. Eyedropper తో వెలుగు పక్క మీసం మీద నొక్కితే మబ్బు వెలుగులో తెలుపు కొంచెం నీలంగా ఉందని తెలుస్తుంది. అంగి తెలుపునూ అటే ఒంచాలి. పచ్చటి ట్యూబులైటు తెలుపు పెడితే మీసమూ అంగీ రెండు వేర్వేరు రోజులవి అనిపిస్తాయి.

భుజాల పక్కన మెరూన్ చేతుల అంచులు అంగి వెలుపల మిగిలితే వాటిని Clone Stamp తో నదితోనూ మెట్లతోనూ పూడ్చుకోవాలి. లేదా వెనక భాగమే మార్చేయాలి. నేను ఉంచేయమనే చెబుతాను. ఆయన వెనక బీచుపల్లి ఘాటు కనిపించడంలో తప్పేముంది? నీలం తెర పెట్టమని అడిగినవాళ్లకు పెడతాం, అది వాళ్లిష్టం.

ప్రింటు సైజును బట్టి ఇందులో ఎంత చేయాలో తేలుతుంది. పాస్‌పోర్టు సైజు, అంటే 35 బై 45 మిల్లీమీటర్లు, 300 డీపీఐలో 413 బై 531 పిక్సెళ్లే. అందులో నేత లేదు, గింజ లేదు, అతుకు గీత లేదు. కాలరు వంపూ మెడ నీడా రెండే కనిపిస్తాయి, ఆ రెండూ చేస్తే చాలు. పన్నెండు బై పద్దెనిమిది అంగుళాల ఫ్రేమయితే మన ఫొటోలో ఛాతీ వరకు కత్తిరించిన 2000 బై 3000 పిక్సెళ్లు అంగుళానికి 167 వస్తాయి. దండ వేసి గోడకు పెట్టి ఆరడుగుల నుంచి చూడటానికి అది సరిపోతుంది. దాన్ని బలవంతంగా 300కు పెంచి పదునుపెడితే అంతసేపు చేసిన మెత్తదనమంతా పోతుంది. పెద్ద ప్రింటు కొట్టే ముందు గడ్డం నుంచి రెండో గుండీ దాకా ఉన్న ముక్కను అదే కొలతలో చిన్న కాగితం మీద ప్రింటు తీసి, పగటి వెలుగులో ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. తెరమీద దాగిన ఎరుపు కాగితం మీద దాగదు.

ఇదంతా విన్నాక కొందరు యువకులు తమ టీషర్టు ఫొటోకు అంగి పెట్టి దరఖాస్తుకు ఇవ్వమంటారు. మెడ వాలుగా తిరిగినవీ, గడ్డం ఛాతీకి ఆనినవీ, జుట్టో కండువానో మెడను సగం కప్పినవీ అయితే కుదరదని చెప్పేస్తాను, ఎందుకంటే కాలరు తిరగాల్సిన చోటే ఆ ఫొటోలో లేదు. దరఖాస్తు నియమాల్లో దిద్దిన ఫొటో వద్దని రాసి ఉంటే అసలు చేయకూడదు. వాళ్లకు ఆ నియమం చదివి వినిపించి, మా దగ్గర మేకుకున్న తెల్లంగి తొడిగి కొత్త ఫొటో తీసిస్తాం. అది తీయడానికి పట్టేది ఐదు నిమిషాలే. ఇక పాస్‌పోర్టుకైతే సేవాకేంద్రంలో వాళ్ల కెమెరా ముందే కూర్చోబెట్టి ఫొటో తీస్తారు, కాబట్టి ఆ రోజు కాలరున్న అంగి వేసుకునే వెళ్లండి. తెల్లటి వెనకతెర ముందు తెల్లంగి కలిసిపోతుంది, ముదురు రంగుది వేసుకోండి.